బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగు, మొగ్గలేస్తే పొట్టి అంట: ఆ ఫార్వర్డ్ సంగతేంటో చూద్దాం రండి

"పిల్లలు పొడుగవ్వాలంటే వెంటనే బాస్కెట్‌బాల్‌లో వెయ్యండి. రోజూ గెంతడం వల్ల, బార్ పట్టుకుని వేలాడడం వల్ల ఎముకలు సాగి 6 నెలల్లో 3 అంగుళాలు పెరుగుతారు. ఎన్‌బీఏ ప్లేయర్లే సాక్ష్యం. జిమ్నాస్టిక్స్‌కి మాత్రం పంపకండి. మొగ్గలు వేస్తే వెన్నెముక నొక్కుకుపోయి ఎదుగుదల ఆగిపోతుంది, ఒలింపిక్స్‌లో ఆ అమ్మాయిలంతా పొట్టిగా ఉండేది అందుకే. పొట్టితనం వల్ల ఏ ఆటలోనూ లాభం లేదు. ప్రతి తల్లిదండ్రులకీ షేర్ చెయ్యండి."

వారం నుంచి విజయనగరంలో ఇది తిరగని గ్రూపు లేదు, మా వీధి గ్రూపులో వచ్చింది, స్కూల్ పేరెంట్స్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి పండక్కి చందాలెయ్యడానికి పెట్టుకున్న గ్రూపులో కూడా వచ్చింది. నేను నెల్లిమర్ల వైపు ఒక హైస్కూల్లో పీఈటీని, మామూలుగా ఇలాంటివి చూసి నవ్వుకుని వదిలేస్తాను. కానీ ఈసారి మా ఎదురింటి వదిన ఇది చదివి 11 ఏళ్ల కూతుర్ని జిమ్నాస్టిక్స్ మాన్పించేసింది, 13 ఏళ్ల గుంటడిని తెల్లారి అయిదింటికి లేపి బాస్కెట్‌బాల్ కోర్టుకి తోలుతోంది, వాడికేమో క్రికెట్ పిచ్చి. ఇద్దరూ ఏడుపు మొహాలతో నా ఇంటికొచ్చి "మాస్టారూ మీరైనా సెప్పండి మా అమ్మకి" అన్నారు. అందుకే రాస్తున్నా, ఒక్కో మాటా తీసుకుని.

ముందు ఆ ఎముకలు సాగడం సంగతి.

ఎముక రబ్బరు కాదండి, లాగితే సాగడానికి. పిల్లల కాళ్ల ఎముకల చివర్ల దగ్గర మెత్తటి పొర ఒకటుంటుంది, డాక్టర్లు గ్రోత్ ప్లేట్ అంటారు. అందులో కణాలు పెరిగి పెరిగి ఎముకగా గట్టిపడుతుంటే ఆ మేరకు ఎముక పొడుగవుతుంది. యవ్వనం వచ్చాక హార్మోన్ల వల్ల ఆ పొర కూడా ఎముకైపోయి మూసుకుపోతుంది, ఆడపిల్లలకి సుమారు 14, 15 ఏళ్లకి, మగపిల్లలకి ఇంకో రెండేళ్లు ఆలస్యంగా. మూసుకున్నాక గెంతినా వేలాడినా, మీ ఇంటి దూలానికి తలకిందులుగా కట్టేసినా ఎముక పొడుగవ్వదు. మూసుకోక ముందు కూడా అది పెరిగేది తిండీ, ఆరోగ్యం, తల్లిదండ్రుల నుంచి వచ్చిన లెక్క, వీటిని బట్టి, లాగడాన్ని బట్టి కాదు.

మరి వేలాడితే కొంచెం పొడుగైనట్టు అనిపిస్తుంది కదా అంటారు. అవుతారు, అబద్ధం కాదు, కానీ అది ఎముక కాదు. వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులుంటాయి, పగలంతా నిలబడి తిరిగేసరికి ఒంటి బరువుకి అవి కాస్త నలుగుతాయి, రాత్రి పడుకుంటే మళ్లీ ఉబ్బుతాయి. పొద్దున్నకీ సాయంత్రానికీ మనిషి ఎత్తులో 1 నుంచి 2 సెంటీమీటర్ల తేడా ఉంటుంది. అంతరిక్షంలోకెళ్లినోళ్లు బరువన్నది లేక 3 శాతం దాకా పొడుగవుతారు, భూమ్మీదకి దిగగానే మళ్లీ మామూలే. ఆ గుంటడిని మా గోడకి నిలబెట్టి పొద్దున్న లేవగానే ఒక గీత, రాత్రి పడుకునే ముందు ఒక గీత పెట్టాం, రాత్రి గీత సెంటీమీటరు పైనే కిందకొచ్చింది. వాడు దాన్ని చూసి "మాస్టారూ ఇలగ రోజూ తగ్గిపోతే ఇంక నేనేటవుతాను" అని కంగారు పడిపోయాడు. ఎవరైనా "వేలాడి పెరిగాను" అని కొలిచి చూపిస్తే ముందు ఎప్పుడు కొలిచావు, పొద్దున్నా సాయంత్రమా అని అడగండి.

ఇంకో తమాషా ఉంది. ప్రపంచంలో బార్ పట్టుకుని అందరికన్నా ఎక్కువసేపు వేలాడేది ఎవరు? జిమ్నాస్టులే. ఎక్కువ గెంతేది ఎవరు? వాళ్లే. వేలాడితే పొడుగవుతారు అన్న లైనూ, జిమ్నాస్టిక్స్ చేస్తే పొట్టవుతారు అన్న లైనూ ఒకే మెసేజ్‌లో పక్కపక్కనే రాసినోడు రాస్తున్నప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే మనకీ గొడవ ఉండకపోను.

ఇక 6 నెలల్లో 3 అంగుళాలు. మగపిల్లాడు 13, 14 ఏళ్లప్పుడు జోరుగా ఎదుగుతాడు, ఆ జోరు బాగా ఉన్న ఏడాదిలో 9 సెంటీమీటర్ల దాకా వస్తుంది, అంటే 6 నెలల్లో 2 అంగుళాలకి కొంచెం తక్కువ. ఆ సమయంలో వాడు బాస్కెట్‌బాల్‌లో చేరితే క్రెడిట్ బాస్కెట్‌బాల్‌కి పోతుంది, వీణ క్లాసులో చేరితే వీణకి పోవాలి మరి, కానీ వీణ వల్ల పొడుగయ్యాడని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

ఇప్పుడు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ సాక్ష్యం దగ్గరికొద్దాం, అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

మన ఇళ్లల్లో అటక మీది సామాను దించాలంటే ఎవర్ని పిలుస్తాం, ఇంట్లో పొడుగ్గా ఉన్నోడిని. అటక మీది సామాను దించి దించి వాడు పొడుగయ్యాడని ఎవరైనా అంటారా? ఎన్‌బీఏ కూడా అంతే. 30 టీములు, టీముకి 15 మంది, అంటే లోకమంతా వెతికి ఏరుకున్న 450 మంది చిల్లర. వాళ్ల సగటు ఎత్తు సుమారు 6 అడుగుల 6 అంగుళాలు, అమెరికాలో మామూలు మగాడి సగటు 5 అడుగుల 9 అంగుళాలు. ఆడి పెరిగినవాళ్లు కాదు, పెరిగారు కాబట్టి లోపలికి తీసుకున్నవాళ్లు. అదే ఆట చిన్నప్పట్నుంచి ఆడి 5 అడుగుల 8 అంగుళాల దగ్గర ఆగిపోయిన లక్షల మంది మనకి టీవీలో కనపడరు, అందుకే బుర్ర మోసపోతుంది.

ఉదాహరణకి మగ్సీ బోగ్స్. 5 అడుగుల 3 అంగుళాలు, 1987 నుంచి 14 సీజన్లు ఎన్‌బీఏలో ఆడాడు. చిన్నప్పట్నుంచీ పొద్దస్తమానం బాస్కెట్‌బాలే, ఒక్క అంగుళం అదనంగా రాలేదు. అటు పంజాబ్‌లో బల్లో కే అనే ఊర్నుంచి వచ్చిన సత్నామ్ సింగ్‌ని చూడండి, 7 అడుగుల 2 అంగుళాలు, 2015లో ఎన్‌బీఏ టీము డల్లాస్ మావెరిక్స్ కొత్త ఆటగాళ్లని ఏరుకునే డ్రాఫ్ట్‌లో తీసుకుంది. వాళ్ల నాన్న రైతు, ఆయన కూడా ఏడడుగుల పైనున్న మనిషి. గోధుమ చేలో పనిచేసి ఆయన ఏడడుగులయ్యాడంటే, మరి మన ఊళ్లో వరి చేలో దిగినోళ్లంతా ఎక్కడిదాకా పెరగాలి?

నా సంగతి కూడా చెప్తాను, నేను ఏడో తరగతి నుంచి డిగ్రీ దాకా బాస్కెట్‌బాల్ ఆడాను, జిల్లా టీముకి పాయింట్ గార్డుని. మా నాన్న 5 అడుగుల 5 అంగుళాలు, నేను 5 అడుగుల 5 అంగుళాలు. ఖాతా సరిపోయింది.

మరి ఆ ఆటలో పొడుగు ఎందుకంత అవసరం అంటే, అంతా ఆ రింగు వల్ల. రింగు నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంటుంది, ఎవరి కోసం కిందికి దిగదు. మామిడికాయ కొయ్యడానికి దోటి ఎంత పొడుగుంటే అంత సుఖం కదా, ఇక్కడ మన చెయ్యే దోటి. మనిషి నిలబడి చెయ్యి నిటారుగా ఎత్తితే వేళ్లు సుమారుగా ఎత్తుకి ఒకటింపావు రెట్ల కన్నా కొంచెం పైన తగులుతాయి, ఒకటీ మూడో వంతు అనుకోండి లెక్కకి. 5 అడుగుల 8 అంగుళాలవాడికి ఏడున్నర అడుగులు అందుతుంది. 6 అడుగుల 6 అంగుళాలవాడికి 8 అడుగుల 8 అంగుళాలు. బంతిని పైనుంచి రింగులోకి కుక్కాలంటే, అదే డంక్, చెయ్యి రింగు కన్నా ఒక 6 అంగుళాలు పైకి పోవాలి, అంటే 10 అడుగుల 6 అంగుళాలు. పొడుగోడు 22 అంగుళాలు గెంతితే చాలు. పొట్టోడు 36 అంగుళాలు గెంతాలి. పెద్దగా ట్రైనింగ్ లేని కుర్రాడు నిలుచున్న చోట నుంచి ఎగిరేది 16 నుంచి 20 అంగుళాలు, అంటే పొడుగోడు కొంచెం కష్టపడితే ఈ ఏడాది డంక్ చేస్తాడు, పొట్టోడు పుట్టుకతో కాళ్లలో స్ప్రింగులుంటే తప్ప చెయ్యలేడు. అలాంటోళ్లు లేకపోలేదు, స్పడ్ వెబ్ అని 5 అడుగుల 7 అంగుళాలాయన 1986లో ఎన్‌బీఏ డంక్ పోటీయే గెలిచాడు, కానీ ఇన్నేళ్లయినా ఆయన పేరే చెప్పుకుంటున్నామంటే అది ఎంత అరుదో అర్థం చేసుకోండి.

డంక్ అంటే సరదా, మ్యాచ్‌లో వచ్చేవి కొన్నే. అసలు దెబ్బ రిబౌండ్ దగ్గర, అంటే రింగులో పడకుండా వెనక్కొచ్చిన బంతిని అందుకునే దగ్గర, షాట్ అడ్డుకునే దగ్గర. ఇద్దరి చేతుల మధ్య తేడా 14 అంగుళాలు కదా, ఆ 14 అంగుళాలు పొడుగోడికి ఊరికే వచ్చాయి, పొట్టోడు ప్రతిసారీ గెంతి సంపాదించుకోవాలి. గెంతి 14 అంగుళాలు పైకి వెళ్లడానికే పావు సెకను పైన పడుతుంది, అంతకు ముందు మోకాళ్లు వంచే టైము వేరే. ఈ లోపల పొడుగోడి చెయ్యి అక్కడే ఉంది, బంతి వాడిదైపోయింది. పైగా ఆఖరి పది నిమిషాల్లో అలిసిపోయాక గెంతు తగ్గుతుంది, ఎత్తు తగ్గదు. ఎత్తు వల్ల లాభం అనగానే అందరూ పైకి అందడం ఒక్కటే అనుకుంటారు గాని, అందడానికి టైము ఖర్చవ్వకపోవడం అనేది ఆడినోళ్లకే తెలుస్తుంది, నన్నడిగితే అదే పెద్ద లాభం.

అలాగని పొడుగు అంతా లాభమే కాదు. బంతిని నేలకి కొడుతూ తీసుకెళ్లేటప్పుడు పొడుగోడి చేతికీ నేలకీ దూరం ఎక్కువ, బంతి గాల్లో ఉన్నంతసేపూ అది ఎవరి సొత్తూ కాదు, బోగ్స్ లాంటోళ్లు కింద నుంచి వచ్చి దాన్ని కాజేసేవాళ్లు. మా జిల్లా టీములో నేను అన్నేళ్లు నెట్టుకొచ్చింది ఆ దొంగతనం మీదే. ఇంకా పెద్ద నష్టం కాళ్లకి, అది తర్వాత చెప్తా.

ఇప్పుడు జిమ్నాస్టిక్స్. ఇక్కడ కూడా అదే అటక కథ, కాకపోతే తిరగేసి. పొట్టిగా ఉన్నవాళ్లు పైకొస్తారు, పొడుగైపోయినవాళ్లు మధ్యలో మానేస్తారు లేదా వేరే ఆటకి పోతారు. ఎలేనా ఇసిన్‌బయేవా పేరు విన్నారు కదా, పోల్ వాల్ట్‌లో 2004, 2008 ఒలింపిక్స్ గోల్డ్, 5.06 మీటర్ల వరల్డ్ రికార్డు. ఆవిడ 5 ఏళ్లప్పుడు జిమ్నాస్టిక్స్‌లో చేరి 15 ఏళ్ల దాకా అదే చేసింది, ఆ తర్వాత మరీ పొడుగైపోయావమ్మా అని పక్కకి తప్పించారు, అప్పుడు పోల్ పట్టుకుంది. ఆవిడ ఎత్తు 174 సెంటీమీటర్లు. ఎదిగే వయసు మొత్తం, పదేళ్లు మొగ్గలేసిన పిల్ల 5 అడుగుల 8 అంగుళాలు దాటింది! ఆ మెసేజ్ నిజమైతే ఆవిడ ఎదుగుదల ఎప్పుడో ఆగిపోయుండాలి. కానీ ఆగిపోయింది ఎదుగుదల కాదు, జిమ్నాస్టిక్స్.

దీని మీద పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి చూసిన నిపుణుల సమీక్ష ఒకటి 2013లో వచ్చింది, మలీనా అనే ఆయనా, ఇంకొందరూ కలిసి చేసింది. వాళ్లు తేల్చింది ఏంటంటే, గట్టిగా ట్రైనింగ్ చేసిన జిమ్నాస్టులు కూడా పెద్దయ్యాక చేరాల్సిన ఎత్తుకి చేరుతున్నారు, ట్రైనింగ్ వల్ల తగ్గినట్టు కనపడలేదు అని. ఈ పిల్లల అమ్మానాన్నలు కూడా సగటున పొట్టే, పిల్లలు కూడా ట్రైనింగ్ గట్టిగా మొదలుకాక ముందే తోటివాళ్ల కన్నా పొట్టిగా ఉంటారు. ఇంకోటి, వీళ్లు యవ్వనానికి కాస్త ఆలస్యంగా వస్తారు, కాబట్టి 14 ఏళ్లప్పుడు క్లాసులో పక్కపిల్లతో పోలిస్తే మరీ చిన్నగా కనపడతారు, పక్కపిల్ల ఎదగడం ఆపేశాక వీళ్లింకా ఎదుగుతుంటారు. తల్లులు కంగారు పడేది ఆ మధ్య రెండేళ్లలోనే.

సరే, మరి పొట్టిగా ఉంటే ఏటి లాభం? ఆ మెసేజ్‌లో నాకు బాగా ఒళ్లు మండిన లైను అదే, అందుకే దీనికి కాస్త టైము తీసుకుంటాను.

కండని ఒక మోకు అనుకోండి. మోకు ఎంత బరువు మోస్తుందన్నది దాని మందాన్ని బట్టి ఉంటుంది, పొడుగుని బట్టి కాదు, పది గజాల మోకైనా ఇరవై గజాల మోకైనా మందం ఒకటే అయితే బలం ఒకటే. కండా అంతే. ఇప్పుడు 5 అడుగుల అమ్మాయి ఒకర్తి, 48 కిలోలు అనుకుందాం. ఆమెనే ఫొటో పెద్దది చేసినట్టు అన్ని వైపులా సమానంగా పెంచి 6 అడుగులు చేశాం, అంటే అన్నీ 1.2 రెట్లు. కండ మందం రెండు వైపులా పెరుగుతుంది కాబట్టి బలం 1.2 ఇంటూ 1.2, అంటే 1.44 రెట్లు. కానీ బరువు మూడు వైపులా పెరుగుతుంది, పొడుగు, వెడల్పు, మందం, అంటే 1.73 రెట్లు, 48 కాస్తా 83 కిలోలు. బలం 44 శాతం పెరిగితే మొయ్యాల్సిన సొంత బరువు 73 శాతం పెరిగింది. కిలోకి ఇంత బలం అని లెక్కేస్తే పెద్దమ్మాయి చిన్నమ్మాయి కన్నా ఆరో వంతు వెనకబడింది. జిమ్నాస్టిక్స్‌లో మోసేది మన ఒంటినే కదా, రింగుల మీదైనా బార్ల మీదైనా.

అసలు మనుషులు అచ్చం ఫొటో పెంచినట్టు పెరగరు, పొడుగోళ్లు కాస్త సన్నగానే ఉంటారు, కాబట్టి తేడా సరిగ్గా ఇంతే అని పట్టుకోకండి, దారి మాత్రం ఇదే.

నమ్మకం లేకపోతే మన పక్కనే ఉంది సాక్ష్యం. కరణం మల్లీశ్వరి మన ఆమదాలవలస పిల్ల, ఇక్కడ కొండవెలగాడ అయితే ఊరు ఊరంతా వెయిట్ లిఫ్టర్లే, మత్స సంతోషి ఆ ఊరి పిల్లే. ఆ ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్తారు, లిఫ్టింగ్‌లో బరువుల వారీగా కేటగిరీలు ఎందుకున్నాయో. పెద్ద ఒళ్లోడు మొత్తం మీద ఎక్కువ ఎత్తుతాడు, చిన్న ఒళ్లోడు తన బరువుకి ఎక్కువ రెట్లు ఎత్తుతాడు. నయిమ్ సులేమానోగ్లు అని టర్కీ ఆయన, 147 సెంటీమీటర్లు, 1988 సియోల్‌లో 60 కిలోల కేటగిరీలో 190 కిలోలు తలపైకి లేపాడు, అంటే తన బరువుకి మూడు రెట్ల పైన. జార్జియా ఆయన లాషా తలఖాద్జే 2021లో 267 కిలోలు లేపి వరల్డ్ రికార్డు పెట్టాడు, ఆయన బరువే 180 కిలోలకి దగ్గర, అంటే ఒకటిన్నర రెట్లు. ఆయన ఒంట్లో కొవ్వు కూడా ఉంది నిజమే, కానీ ఆయనని బార్ల మీద వేలాడదీస్తే ఏమవుద్దో ఊహించుకోండి.

బలం సగం కథే, మిగతా సగం గాల్లో తిరగడం. మూరెడు కర్ర తీసుకుని మధ్యలో పట్టుకుని గిరగిరా తిప్పండి, ఈజీ. ఇప్పుడు డాబా మీద బట్టలారేసే పొడుగు వెదురు గెడ తిప్పండి, మణికట్టు నొప్పెడుతుంది. బరువు ఒక్కటే కాదు కారణం, ఆ బరువు మధ్య నుంచి ఎంత దూరంలో ఉందన్నది కూడా లెక్కలోకొస్తుంది, పైగా ఆ దూరాన్ని రెండుసార్లు గుణించాలి. మన 5 అడుగుల, 6 అడుగుల అమ్మాయిల లెక్కలో బరువు 1.73 రెట్లు, దూరం 1.2 ఇంటూ 1.2, మొత్తం ఒంటిని తిప్పడంలో ఉన్న మొండితనం రెండున్నర రెట్లు. పెద్దమ్మాయికి బలం ఎక్కువే, నేలని తన్నే టైము కూడా కొంచెం ఎక్కువే దొరుకుతుంది, అవన్నీ కలిపి కొట్టేశాక కూడా ఆమె తిరిగే వేగం చిన్నమ్మాయి వేగంలో ఆరింట అయిదు వంతులే వస్తుంది. ఎగిరే ఎత్తు మాత్రం ఇద్దరిదీ దాదాపు ఒకటే, కాబట్టి గాల్లో ఉండే టైమూ ఒకటే, ఒక సెకను అనుకోండి.

ఇప్పుడు ఆ సెకనులో చిన్నమ్మాయి రెండు పిల్లిమొగ్గలు సరిగ్గా పూర్తి చేసి కాళ్ల మీద దిగింది. పెద్దమ్మాయి అదే సెకనులో ఒకటీ మూడింట రెండు వంతులు తిరిగింది. ఇంకా మూడో వంతు, అంటే 120 డిగ్రీలు మిగిలిపోయింది. కాళ్లు కాదు, ముందు తల వస్తుంది నేల మీదకి. ఈ ఒక్క లెక్క చాలు 142 సెంటీమీటర్ల అమెరికా జిమ్నాస్టు సిమోన్ బైల్స్ ఎందుకు అలా గాల్లో బొంగరంలా తిరిగి, ఇంకా టైము మిగిలినట్టు దిగుతుందో చెప్పడానికి. అది పొట్టి "అయినా" గెలవడం కాదు, ఆ ఒడ్డూ పొడుగూ ఆమె ఆయుధం. మన దీపా కర్మాకర్ 2016 రియోలో ప్రొడునోవా వాల్ట్ వేసి నాలుగో ప్లేసులో నిలబడింది కదా, అది టేబుల్ మీద చేతులాన్చి ముందుకి రెండు మొగ్గలు తిరిగి దిగేది, కొంచెం తక్కువ తిరిగితే మెడ మీద పడే రకం, దానికి ఆ అగర్తలా అమ్మాయి చిన్న ఒళ్లు ఎంత పనికొచ్చి ఉంటుందో చూడండి. మన తెలుగమ్మాయి బుద్దా అరుణారెడ్డికి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో బ్రాంజ్ వచ్చింది కూడా ఈ వాల్ట్‌లోనే.

పరికరాలు కూడా పొట్టోళ్ల వైపే. ఆడవాళ్ల బార్లలో పైది 2.5 మీటర్లు, కిందది 1.7 మీటర్లు, పై బార్ మీద నిలువుగా ఊగేటప్పుడు పొడుగమ్మాయి కాళ్లు కింద బార్‌కి తగలకుండా ముడుచుకోవాలి. బీమ్ అనే దూలం 10 సెంటీమీటర్ల వెడల్పే, దాని మీద ఒంటి బరువు ఎంత ఎత్తున ఉంటే తూలినప్పుడు సర్దుకోవడం అంత కష్టం.

మరి పొడుగు జిమ్నాస్టులే లేరా అంటే ఉన్నారు, స్వెత్లానా ఖోర్కినా, 165 సెంటీమీటర్లు, 1996లో, 2000లో రెండుసార్లూ బార్లలో ఒలింపిక్ గోల్డ్. ఆవిడ తన పొడుగు కాళ్లకి తగ్గట్టు కొత్త కదలికలే తయారుచేసుకుంది, కొన్నింటికి ఆవిడ పేరే పెట్టారు. చూడ్డానికి ఆ పొడుగు గీత ఎంతో బాగుంటుంది, అది పొడుగు వల్ల వచ్చే లాభం. కానీ ఈ ఆటలో కొలతలు ఎంత టైటో కూడా ఆవిడ కథే చెప్తుంది, 2000 సిడ్నీలో ఆల్‌రౌండ్ పోటీలో వాల్ట్ పొరపాటున 5 సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో పెట్టారు, ఆవిడతో సహా ప్రపంచంలోనే మేటి అమ్మాయిలు పడిపోయారు, సగం మంది అయిపోయాక గాని అది ఎవరికీ అర్థం కాలేదు. మూడు వేళ్ల మందానికే అంత తేడా!

ఇందాక కాళ్ల సంగతి చెప్తానన్నాను. ఆ మోకు లెక్కే బాస్కెట్‌బాల్ పొడుగోళ్లని కూడా పట్టుకుంటుంది. యావో మింగ్ 7 అడుగుల 6 అంగుళాలు, 140 కిలోల మనిషి. ఎముక బలం కూడా మందాన్ని బట్టే, బరువు మాత్రం దాన్ని దాటి పెరుగుతుంది, అంత ఒళ్లుతో గెంతి గెంతి దిగుతుంటే పాదాల్లో ఎముకలు మళ్లీ మళ్లీ చిట్లాయి, 30 ఏళ్లకే, 2011లో, ఆట వదిలేశాడు. పొడుగు వల్ల అందినదంతా చివరికి పాదం దగ్గర లెక్క కట్టాల్సొచ్చింది.

అయితే వదిన భయంలో ఒక పిసరు నిజం కూడా ఉంది, అది దాచడం నాకిష్టం లేదు. వెన్నెముక నొక్కుకుపోవడం కాదు గాని, ఒంటి బరువంతా అరచేతుల మీద మోసే ఆట కదా, ఎదిగే వయసులో మణికట్టు దగ్గర ఆ గ్రోత్ ప్లేట్ దెబ్బతినే అవకాశం ఉంది. బొటనవేలి వైపు మణికట్టులో, చెయ్యి నేలకి ఆన్చి బరువు వేసినప్పుడు నొప్పి వస్తుంటే, రెండు వారాలైనా తగ్గకపోతే, బ్యాండేజీ చుట్టి ఆడించకూడదు, ఆపి ఎముకల డాక్టరుకి చూపించాలి. రెండోది తిండి. సన్నగా ఉండాలని పిల్లల కడుపు మాడ్చే కోచ్‌లు ఉంటారు, చేసే పనికి తగ్గ తిండి పడకపోతే అప్పుడు ఎదుగుదల నిజంగానే మందగిస్తుంది, 15 ఏళ్లు దాటినా రజస్వల కాకపోవడం దానికి ఒక గుర్తు. అక్కడ తప్పు మొగ్గది కాదు, ఖాళీ కంచానిది, బాస్కెట్‌బాల్ ఆడే పిల్లకైనా అదే జరుగుతుంది.

ఇదంతా నిన్న రాత్రి వదినకి చెప్పాను. ఓపిగ్గా విని "అయితే మాస్టారూ, మా పిల్లలు ఎంతవరకు ఎదుగుతారో అది సెప్పండి" అంది. దానికి డాక్టర్లు వాడే తేలిక లెక్క ఒకటుంది, నాన్న ఎత్తూ అమ్మ ఎత్తూ కలిపి, మగపిల్లాడికైతే 13 సెంటీమీటర్లు కలిపి, ఆడపిల్లకైతే 13 తీసేసి, సగం చెయ్యాలి, అటూ ఇటూ 8 సెంటీమీటర్ల దాకా తేడా రావచ్చు. అన్నియ్య 163, వదిన 150. పాపకి 150 వచ్చింది, బాబుకి 163. "150 అంటే దీపా కర్మాకర్ ఎత్తు" అన్నాను, ఆ గుంట అప్పటికే గోడ దగ్గర చేతుల మీద నిలబడిపోయింది, మణికట్టు నొప్పి లేదంట, అడిగాను. గుంటడు మాత్రం 163 అనేసరికి మొహం వేలాడేశాడు, టెండూల్కర్ 165 అని చెప్పగానే వాళ్లమ్మ వైపు చూశాడు. ఈ రోజు పొద్దున్న అయిదింటికి ఎవరూ వాడిని లేపలేదు.